బలమైన ఆమ్లం, బలమైన క్షారం టైట్రేషన్ వక్రరేఖలో తుల్యతా బిందువును ఎలా గుర్తించాలి?

ప్రశ్న: సార్, 25.00 మి.లీ. హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని బీకరులో తీసుకుని, 0.1000 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో pH మీటరు పెట్టి టైట్రేట్ చేశాను. రీడింగులు కింద ఇచ్చాను. pH ఒక్కసారిగా 3.91 నుంచి 9.91కి దూకింది, మధ్యలో 7 రానే లేదు. తుల్యతా బిందువు, అంటే ఈక్వివలెన్స్ పాయింట్, ఎంత అని రాయాలి? గ్రాఫులో 7 దగ్గర చదవమని ఒకరంటున్నారు, సెకండ్ డెరివేటివ్ చేయమని ఇంకొకరంటున్నారు.

```
మి.లీ.    pH
20.00    2.01
22.00    2.30
23.00    2.55
24.00    3.13
24.10    3.28
24.20    3.49
24.30    3.91
24.40    9.91
24.50   10.45
24.60   10.68
24.70   10.84
```

సమాధానం: మీ రీడింగుల ప్రకారం తుల్యతా బిందువు 24.36 మి.లీ. దగ్గర ఉంది. అయితే మీకు చెప్పిన రెండు పద్ధతుల్లో ఏది చేసినా 24.35 వస్తుంది. ఈ 0.01 మి.లీ. తేడా చిన్నదే కానీ, అది ఎందుకు వచ్చిందో తెలిస్తే ఈ రకం వక్రరేఖను చదవడం వచ్చినట్టే. కనుక ముందు వక్రరేఖ ఆకారం గురించి కొంత చెప్పి, తర్వాత లెక్కలోకి వస్తాను.

ఈ టైట్రేషన్‌లో మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా జరిగేది ఒకటే చర్య: హైడ్రాక్సైడ్ అయాను ఒక హైడ్రోజన్ అయానును తటస్థీకరించి నీటిని ఏర్పరుస్తుంది. ప్రతి మిల్లీలీటరు క్షారమూ ఒకే పరిమాణంలో ఆమ్లాన్ని తినేస్తుంది. మనం కొలిచేది మిగిలిన ఆమ్లాన్ని నేరుగా కాక దాని లాగరిథమ్‌ను కాబట్టి వక్రరేఖ మొదట చదునుగా, చివర నిటారుగా కనిపిస్తుంది. మీ ఆమ్లం ఆరంభ pH దాదాపు 1.01. సగం ఆమ్లం తటస్థమయ్యేసరికి, అంటే 12.18 మి.లీ. దగ్గర, pH 1.48 మాత్రమే. తొంభై శాతం పూర్తయినా 2.28 దగ్గరే ఉంటుంది. అక్కడి నుంచి మిగిలిన ఆమ్లం పదో వంతుకు తగ్గిన ప్రతిసారీ pH సుమారు ఒక యూనిట్ పెరుగుతుంది. మొదట ఆ ఒక యూనిట్ పెరగడానికి 2.2 మి.లీ. క్షారం పడుతుంది, తర్వాతి యూనిట్‌కు 0.22 మి.లీ. చాలు, ఆ పైదానికి 0.022 మి.లీ. సరిపోతుంది. బ్యూరెట్ నుంచి రాలే ఒక్క చుక్క సుమారు 0.05 మి.లీ. ఉంటుంది కాబట్టి ఈ చివరి దశలన్నీ ఒక్క చుక్కలోనే గడిచిపోతాయి.

ఇక్కడ ఒక చిన్న మాట. ఎసిటిక్ ఆమ్లం వంటి బలహీన ఆమ్లాల వక్రరేఖల్లో సగం దూరం దగ్గర pKa చదువుతాము. ఆ అలవాటుతో కొందరు రికార్డులో ఈ వక్రరేఖ మీద కూడా సగం బిందువును గుర్తించి, దాని pH రాసి, పక్కన pKa అని పేరు పెడుతుంటారు. మీ సగం బిందువు దగ్గరి 1.48కి అటువంటి అర్థమేమీ లేదు, అది అప్పటికి బీకరులో మిగిలిన ఆమ్లం గాఢతను మాత్రమే చెబుతుంది.

ఇప్పుడు 7 సంగతి చూద్దాం. తుల్యతా బిందువు దగ్గర ద్రావణంలో సోడియం క్లోరైడ్, నీరు తప్ప మరేమీ ఉండవు. ఆ రెండు అయాన్లూ నీటితో చర్య జరపవు కనుక 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర pH 7.00 అవుతుందన్న సిద్ధాంతం నిజమే. కానీ ఆ విలువను మీటరు మీద పట్టుకోవడం ఎంత కష్టమో లెక్కవేసి చూడండి. తుల్యతా బిందువుకు మీరు కేవలం 0.001 మి.లీ. ముందు ఆగారనుకుందాం. అంటే చుక్కలో యాభయ్యో వంతు. అప్పుడు మిగిలిన ఆమ్లం 0.0001 మిల్లీమోల్, మొత్తం ఘనపరిమాణం 49.4 మి.లీ., గాఢత దాదాపు 2 × 10⁻⁶ మోలార్, pH 5.7. అంతే దూరం దాటితే 8.3. కాబట్టి 7 కనిపించకపోవడం మీ పొరపాటు కాదు. నిజానికి అంత బలహీనమైన ద్రావణంలో ఎవరి మీటరైనా 7 దగ్గర నింపాదిగా నిలబడి కనిపించిందంటే నాకు అనుమానమే కలుగుతుంది. ఎందుకో చివర్లో చెబుతాను.

మన వేసవి ల్యాబుల్లో బీకరులో ఉష్ణోగ్రత తేలిగ్గా 35 డిగ్రీలు ఉంటుంది. అప్పుడు నీటి అయానిక లబ్ధం మారి తటస్థ pH సుమారు 6.84 అవుతుంది. మీటరులోని ఉష్ణోగ్రత సవరణ బటన్ దీన్ని సరిచేయదు. ఎలక్ట్రోడు ఒక pH యూనిట్‌కు ఎన్ని మిల్లీవోల్టులు ఇస్తుందన్నది మాత్రమే అది సరిచేస్తుంది. తటస్థ బిందువు ఎక్కడుందన్నది నీటి స్వభావం, దాన్ని బటన్ మార్చలేదు. ఈ కారణం చేత కూడా 7 అనే అంకెను లక్ష్యంగా పెట్టుకోవద్దని నా సలహా.

ఇక డెరివేటివ్‌ల దగ్గరకు వద్దాం. మొదటి అవకలనం అంటే రెండు రీడింగుల మధ్య pH తేడాను ఘనపరిమాణం తేడాతో భాగించడం. 24.20, 24.30ల మధ్య అది 4.2. 24.30, 24.40ల మధ్య 60. ఆ తర్వాతి విరామంలో 5.4. రెండో అవకలనం చేస్తే 24.30 దగ్గర +558, 24.40 దగ్గర −546 వస్తాయి. ఈ రెండింటి మధ్య సున్నా ఎక్కడుందో అనుపాతంలో తీస్తే 24.3505, అంటే 24.35. గ్రాఫులో 3.91, 9.91లను సరళరేఖతో కలిపి 7 దగ్గర చదివితే 24.3515, అదీ 24.35. రెండు పద్ధతులూ ఒకే జవాబు ఇచ్చాయి కదా అని సంతోషించడానికి వీల్లేదు. రెండూ చెప్పింది ఒకటే విషయం: పెద్ద దూకుడు 24.30, 24.40ల మధ్య జరిగింది, కాబట్టి మధ్యలో సగం తీసుకో. దూకుడు అంత పెద్దదైనప్పుడు పక్క విరామాల 4.2, 5.4లకు దాని ముందు బరువే ఉండదు కనుక, అసలు బిందువు 24.32 దగ్గర ఉన్నా 24.38 దగ్గర ఉన్నా రెండో అవకలనం 24.35కి చాలా దగ్గరి విలువనే ఇస్తుంది. జవాబులో కనిపించే నాలుగు దశాంశ స్థానాలు కాలిక్యులేటరువి, ప్రయోగానివి కావు. స్పర్శరేఖలు గీసే పద్ధతికి మరో ఇబ్బంది ఉంది. గ్రాఫు కాగితం మీద ఒక సెంటీమీటరుకు 2 మి.లీ. స్కేలు తీసుకుంటే 0.05 మి.లీ. అంటే పావు మిల్లీమీటరు, అది పెన్సిల్ గీత మందంలోనే కలిసిపోతుంది.

మరి సమాచారం ఎక్కడుంది? దూకుడులో లేదు, దూకుడుకు రెండు వైపులా ఉన్న రీడింగుల్లో ఉంది. 24.30 దగ్గర pH 3.91 అంటే ఇంకా ఎంత ఆమ్లం మిగిలి ఉందో ఆ రీడింగే చెబుతోంది, ఆ మిగిలిన ఆమ్లానికి ఎంత క్షారం కావాలో లెక్క కట్టవచ్చు. ఒక్క రీడింగును నమ్మడం కంటే చాలా రీడింగులను కలిపి ఈ పని చేసే పద్ధతిని స్వీడన్‌కు చెందిన గన్నార్ గ్రాన్ 1950ల తొలినాళ్లలో ప్రచురించాడు. దాన్ని గ్రాన్ ప్లాట్ అంటారు. చేయవలసింది ఇంతే: ప్రతి రీడింగుకూ ఈ విలువ లెక్కించాలి.

```
F = (25.00 + V) × 10^(-pH)
```

ఇక్కడ V అంటే అప్పటివరకు కలిపిన క్షారం. గాఢతను మొత్తం ఘనపరిమాణంతో గుణిస్తున్నాం కనుక F అంటే బీకరులో మిగిలిన ఆమ్లం మొత్తం, మిల్లీమోల్‌లలో. లాగరిథమ్ తొలగిపోయింది కాబట్టి వక్రరేఖ కాస్తా సరళరేఖ అవుతుంది. ఆ రేఖ సున్నాను తాకే చోట ఆమ్లం అయిపోయింది, అదే తుల్యతా బిందువు. మీ రీడింగులతో ఇలా వస్తుంది:

```
V        F
22.00    0.2356
23.00    0.1353
24.00    0.0363
24.10    0.0258
24.20    0.0159
24.30    0.0061
```

ఒక్కో మిల్లీలీటరుకు F సుమారు 0.100 చొప్పున తగ్గుతోంది. అది మీ క్షారం గాఢతే, అలా రావడమే మీ రీడింగులు సవ్యంగా ఉన్నాయనడానికి మొదటి గుర్తు. 24.30 దగ్గర మిగిలిన 0.0061 మిల్లీమోల్‌ను 0.100తో భాగిస్తే 0.06 మి.లీ. కనుక తుల్యతా బిందువు 24.36. 24.00 దగ్గరి రీడింగుతో చేసినా 0.0363కు 0.36 మి.లీ. వస్తుంది, మళ్లీ 24.36. అంటే మీరు 24.00 తర్వాత తొందరపడి ఒకేసారి 25.00కి వెళ్లిపోయి ఉంటే మధ్యబిందువు పద్ధతి 24.50 అని చెప్పేది, 0.14 మి.లీ. తప్పు. అదే పరిస్థితిలో గ్రాన్ రేఖ మాత్రం 22.00, 23.00, 24.00 రీడింగులతోనే 24.36 చూపించేది.

అయితే ఏ రీడింగులనైనా తీసుకుని రేఖ గీయవచ్చని అనుకోకూడదు. pHలో 0.01 అనిశ్చితి ఉంటే మిగిలిన ఆమ్లం లెక్కలో సుమారు 2.3 శాతం అనిశ్చితి వస్తుంది. 24.00 దగ్గర మిగిలింది 0.36 మి.లీ. విలువైన ఆమ్లం మాత్రమే కనుక అందులో 2.3 శాతం 0.01 మి.లీ. కూడా కాదు. 12 మి.లీ. దగ్గర మిగిలింది 12.36 మి.లీ.కు సరిపడా ఆమ్లం, అందులో 2.3 శాతం అంటే 0.28 మి.లీ. మీ పట్టికలో 20.00 దగ్గరి రీడింగును నేను లెక్కలోకి తీసుకోకపోవడానికి కారణం ఇదే. అక్కడ F విలువ 0.440 వస్తుంది, ఉండవలసింది 0.436, ఆ తేడా ఒక్కటే 0.04 మి.లీ. పక్కకు లాగగలదు. మరీ దగ్గరగా, చివరి చుక్క లోపల తీసుకున్న రీడింగులకు వేరే జబ్బు ఉంటుంది: ద్రావణంలో ఆమ్లమూ క్షారమూ రెండూ అతి తక్కువ కాబట్టి ఎలక్ట్రోడు నెమ్మదిగా స్పందిస్తుంది, అంకె కదులుతూనే ఉంటుంది. నేనైతే pH 2.3 నుంచి 4 మధ్య ఐదారు రీడింగులు తీసుకుంటాను. ప్రతి రీడింగుకు ముందు బాగా కలిపి, అంకె అర నిమిషం పాటు కదలకుండా ఉన్నాకే రాసుకుంటాను.

ఈ పద్ధతిలో మరో సౌకర్యం ఉంది. మీటరును బఫర్‌లతో క్యాలిబ్రేట్ చేసినప్పుడు పొరపాటు జరిగి, అన్ని రీడింగులూ ఒకే విధంగా 0.05 ఎక్కువ చూపిస్తున్నాయనుకోండి. అప్పుడు ప్రతి F విలువా ఒకే గుణకంతో తగ్గుతుంది, రేఖ వాలు మారుతుంది, కానీ రేఖ సున్నాను తాకే చోటు మారదు. 0.100 రావలసిన వాలు 0.089 వస్తే మీటరును అనుమానించాలి, 24.36ను కాదు. ఎలక్ట్రోడు పాతదై దాని స్పందన వాలే తగ్గిపోయి ఉంటే మాత్రం F రేఖ తిన్నగా రాక వంగుతుంది, ఆ వంపు కంటికి కనిపిస్తుంది. ఎలక్ట్రోడు మునగడానికి బీకరులో నీళ్లు కలిపి ఉంటే ఆ నీటిని కూడా 25.00కు చేర్చి లెక్క వేయండి. 50 మి.లీ. నీళ్లు పోస్తే సూత్రంలో 75.00 ఉండాలి. నీళ్లు పోసినందువల్ల తుల్యతా బిందువు ఘనపరిమాణం మారదు.

ఇక రెండో వైపు చూద్దాం, ఎందుకంటే అసలైన తనిఖీ అక్కడే ఉంది. తుల్యతా బిందువు దాటిన తర్వాత బీకరులో మిగులు క్షారం ఉంటుంది, దాన్ని ఇలా లెక్కిస్తాం:

```
G = (25.00 + V) × 10^(pH - 14)
```

24.40 దగ్గర 0.0040, 24.50 దగ్గర 0.0140, 24.60 దగ్గర 0.0237, 24.70 దగ్గర 0.0344. ఈ రేఖను వెనక్కి పొడిగిస్తే సున్నా మళ్లీ 24.36 దగ్గరే వస్తుంది. ఆమ్లం వైపు రేఖ, క్షారం వైపు రేఖ రెండూ ఒకే చోట సున్నాను తాకాయి కాబట్టి మీ సోడియం హైడ్రాక్సైడ్‌లో కార్బనేట్ చెప్పుకోదగినంత లేదని ధైర్యంగా అనవచ్చు.

చాలా ల్యాబుల్లో ఇలా రాదు. సోడియం హైడ్రాక్సైడ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని కొంత కార్బనేట్‌గా మారుతుంది. మూత సరిగా లేని సీసాలో నిల్వ ఉన్న గుళికల మీద తెల్లటి పొర కనిపిస్తే అది చాలావరకు కార్బనేటే. ఆమ్లం ఎక్కువగా ఉన్నంతసేపూ ఒక్కో కార్బనేట్ రెండు హైడ్రోజన్ అయాన్లను తీసుకుని కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది, కాబట్టి ఆమ్లం వైపు రేఖకు లోపం తెలియదు. కానీ తుల్యతా బిందువు దాటేటప్పుడు, ద్రావణంలో కరిగి ఉన్న ఆ కార్బన్ డయాక్సైడే తిరిగి ఆమ్లంలా ప్రవర్తించి క్షారాన్ని తినడం మొదలుపెడుతుంది. దాని మొదటి pKa సుమారు 6.35 కనుక వక్రరేఖ సరిగ్గా 6, 7ల మధ్య నిటారుగా లేవకుండా చిన్న భుజంలా వాలుతుంది. మీటరు 7 దగ్గర నింపాదిగా నిలబడితే అనుమానం వస్తుందని పైన అన్నది ఇందుకే. అక్కడ నిలబెడుతున్నది తుల్యతా బిందువు కాదు, బైకార్బనేట్ బఫర్. దాటిన తర్వాత రీడింగు నెమ్మదిగా కిందికి జారుతుండటం మరో గుర్తు.

ఎంత తేడా వస్తుందో మీ అంకెలతోనే చూద్దాం. క్షారంలోని మొత్తం క్షారత్వంలో ఒక్క శాతం కార్బనేట్ వల్ల వచ్చిందనుకోండి. కార్బన్ డయాక్సైడ్ బీకరులోంచి బయటికి పోకపోతే, బైకార్బనేట్ స్థితికి చేరేసరికి ఆ ఒక శాతంలో సగం పనికిరాకుండా పోతుంది. 24.36 మి.లీ.లో సగం శాతం అంటే 0.12 మి.లీ. మీరు తలపట్టుకున్న 0.01 మి.లీ. కంటే ఇది పన్నెండు రెట్లు పెద్దది, పైగా ఏ డెరివేటివ్ లెక్కా దీన్ని పట్టుకోలేదు. ఆమ్లం వైపు, క్షారం వైపు రేఖల సున్నాలు వేర్వేరు చోట్ల పడటమే దీన్ని పట్టిస్తుంది. అలా జరిగితే ఏది రాయాలన్నది మీరు సోడియం హైడ్రాక్సైడ్‌ను ఎలా ప్రమాణీకరించారన్న దాని మీద ఆధారపడుతుంది. పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో ఫినాఫ్తలీన్ వేసి ప్రమాణీకరించి ఉంటే, ఆ 0.1000 అనే గాఢత కార్బనేట్ సగమే పనిచేసే స్థితికి చెందినది. కనుక ఇక్కడ కూడా ఫినాఫ్తలీన్ రంగు మారే ప్రాంతాన్నే, అంటే pH 8.3కు కాస్త పైన ఉన్న ఘనపరిమాణాన్నే, వాడాలి. ఒక స్థితిలో ప్రమాణీకరించి మరో స్థితిలో చదివితే లోపం నేరుగా ఫలితంలోకి వస్తుంది. ఇంతకంటే మంచి మార్గం కార్బనేట్ లేకుండా చేసుకోవడం: 50 శాతం సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో సోడియం కార్బనేట్ కరగదు కాబట్టి అది అడుగున చేరనిచ్చి, పై తేటను జాగ్రత్తగా తీసుకుని, మరిగించి చల్లార్చిన నీటితో పలుచన చేయాలి. గాఢ క్షారంతో పని కాబట్టి కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

మీ ఫలితం: 0.1000 × 24.36 ÷ 25.00 = 0.09744 మోలార్. 24.35 తీసుకుంటే 0.09740. మీ ల్యాబులో ఉన్న 50 మి.లీ. బ్యూరెట్ ఏ తరగతిదైనా దానికి అనుమతించే దోషమే 0.05 మి.లీ. లేదా 0.1 మి.లీ. ఉంటుంది. కాబట్టి 0.0974 మోలార్ అని రాయడం న్యాయం. గ్రాన్ రేఖ బ్యూరెట్ లోపాన్ని తీసేయదు, వక్రరేఖను చదవడంలో వచ్చే లోపాన్ని మాత్రమే తీసేస్తుంది.

ఈ తేడా నిజంగా బాధించేది పలుచని ద్రావణాల్లో. ఇదే ప్రయోగాన్ని రెండు వైపులా 0.001 మోలార్ ద్రావణాలతో చేస్తే, తుల్యతా బిందువుకు 0.1 శాతం ముందు pH 6.3, 0.1 శాతం తర్వాత 7.7 మాత్రమే ఉంటుంది. మీ దగ్గర 4.3 నుంచి 9.7 దాకా ఉన్న దూకుడు అక్కడ అంతే మిగులుతుంది. మిథైల్ ఆరెంజ్ pH 4.4 దగ్గరే పూర్తిగా రంగు మార్చేస్తుంది కనుక ఆ ద్రావణంలో దాదాపు 1.9 మి.లీ. ముందే ఆపేయమని చెబుతుంది, మీ 0.1 మోలార్ ద్రావణంలో అదే సూచిక చేసే తప్పు 0.02 మి.లీ. మాత్రమే. అంత పలుచని ద్రావణానికి నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ కూడా తోడైతే దూకుడు చాలావరకు మాసిపోతుంది. అటువంటప్పుడు pH 5 కన్నా తక్కువ ఉన్న రీడింగులతో గీసిన F రేఖ ఒక్కటే ఆధారం.

మీ రీడింగుల్లో 23.00, 24.00ల మధ్య ఖాళీ ఉంది. మళ్లీ చేసేటప్పుడు 23.30, 23.60, 23.80 దగ్గర రీడింగులు తీసుకోండి. 24.30 తర్వాత చుక్కను సగం చేసి వేయడానికి పడే శ్రమ కంటే అవే మీకు ఎక్కువ ఉపయోగపడతాయి.